జీతం 30 పెరిగింది, పొదుపు 2 తగ్గింది

ప్రశ్న: "ఎనిమిది నెలల క్రితం ప్రమోషన్ వచ్చింది. అసలు అంకెలు రాయడం ఇష్టం లేదు కాబట్టి, చేతికొచ్చే పాత జీతం 100 అనుకోండి. ఇప్పుడు 130 వస్తోంది. అప్పట్లో నెలకు 80 ఖర్చయ్యేది, 20 మిగిలేది. అలా కూడబెట్టింది అప్పటికి 960 ఉంది. ఇప్పుడు నెలకు 18 మించి మిగలడం లేదు. ఎక్కడికి పోతోందో రాసి చూశాను. కొంచెం పెద్ద ఇంటికి మారాం, అద్దె 11 పెరిగింది. కొత్త కారు వాయిదా 7. బయట తినడం, తిరగడం మరో 5. అమ్మకు పంపేది 3 పెంచాను. ఫోన్ వాయిదా 2. మిగతా 4 మామూలు సరుకులు, బిల్లులు పెరిగినందువల్లే. మావారేమో 'కష్టపడింది అనుభవించడానికే కదా' అంటారు. ఆయన మాటా తప్పు కాదు. క్రెడిట్ కార్డు బాకీ ఏమీ లేదు. కానీ తక్కువ జీతం ఉన్నప్పుడు లేని టెన్షన్ ఇప్పుడు వస్తోంది. పెరిగిన దానిలో ఎంత దాచాలి? సగమా, మొత్తమా? ఇప్పటికే ఖర్చయిపోతున్నదాన్ని ఎలా వెనక్కి తేవాలి?"
– ఒక పాఠకురాలు

జవాబు:

ముందు మీ టెన్షన్ గురించి. అది ఉత్త భయం కాదండీ, దాని వెనక లెక్క ఉంది. మీరు పొదుపును నెలకు ఎంత మిగిలిందనే చూస్తున్నారు. 20 కాస్తా 18 అయింది, పెద్ద తేడా ఏముందని మీవారు అనుకుని ఉంటారు. అదే పొదుపును ఇంకోలా కొలిచి చూడండి. రేపటి నుంచి జీతం ఆగిపోతే, ఉన్న డబ్బుతో ఇల్లు ఎన్ని నెలలు నడుస్తుంది?

ప్రమోషన్ వచ్చిన రోజున మీ దగ్గర 960 ఉంది, నెల ఖర్చు 80. అంటే 12 నెలలు నడుస్తుంది. ఈ ఎనిమిది నెలల్లో నెలకు 18 చొప్పున ఇంకో 144 చేరింది కాబట్టి ఇప్పుడు 1104 ఉండాలి. కానీ నెల ఖర్చు 112 అయింది. 1104ను 112తో భాగిస్తే పది నెలలు కూడా రావడం లేదు. డబ్బు పెరిగింది, ఆ డబ్బు మోయగలిగిన నెలలు తగ్గాయి. అసలు మీకు ప్రమోషనే రాలేదనుకోండి. ధరలు పెరిగి ఖర్చు 84కు చేరి, నెలకు 16 మాత్రమే దాచుకున్నా, ఈపాటికి మీ దగ్గర దాదాపు 13 నెలల ఖర్చు ఉండేది. ఎక్కువ సంపాదిస్తూ మూడు నెలలు వెనకబడ్డారన్నమాట. మీ మనసు దీన్నే పసిగట్టింది.

జీతం పెరిగినప్పుడు చాలామంది గమనించని సంగతి ఇది. ఖర్చు పెంచితే రాబోయే పొదుపు ఒక్కటే తగ్గదు. ఇదివరకే దాచుకున్నది కూడా చిన్నదైపోతుంది. ఎందుకంటే ఆ 960 దాచింది 80తో నడిచే ఇంటి కోసం. ఇప్పుడది 112తో నడిచే ఇంటిని మోయాలి.

ఇక ఎంత దాచాలన్న ప్రశ్నకు వద్దాం. పెరిగిన 30లో 4 అసలు పెంపే కాదు. మీరు ఏమీ మారకపోయినా ఆ 4 ధరలకే పోయేది. కాబట్టి నిజంగా పెరిగింది 26. (ఆఫీసు వాళ్లు చెప్పిన శాతం పట్టుకుని లెక్కేసేవాళ్లు ఇంకో పొరపాటు చేస్తుంటారు. పన్నులు పోయాక బ్యాంకులో పడే దానితోనే లెక్క మొదలుపెట్టాలి. మీరు ఆ పనే చేశారు.) ఈ 26కు ఎదురుగా మీరు కొత్తగా పెంచుకున్న ఖర్చులు అద్దె 11, కారు 7, సరదాలు 5, అమ్మకు 3, ఫోన్ 2, మొత్తం 28. నిజమైన పెంపు కంటే 2 ఎక్కువ. మీ పొదుపు 20 నుంచి 18కి దిగింది ఈ రెండు వల్లే.

"సగం దాచు, సగం ఖర్చుపెట్టు" అనే మాట మీరూ వినే ఉంటారు. మంచి మాటే, కానీ అందరికీ సగమే ఎందుకుండాలి? దీన్ని ఇలా ఆలోచిద్దాం. పెంపు వచ్చిన ఏడాదికి, పెంపు రాకపోయి ఉంటే ఎన్ని నెలల ఖర్చు చేతిలో ఉండేదో, కనీసం అన్ని నెలలైనా ఉండాలి. అప్పుడే పెంపు మనల్ని వెనక్కి లాగలేదని చెప్పగలం. పెంపు లేకపోతే ఏడాదికి మీ దగ్గర 1152 ఉండేది. ఖర్చు 84 కాబట్టి అది 13.7 నెలలు. పెంపు వచ్చాక అదే 13.7 నెలలు రావాలంటే నెల ఖర్చు 98 దాటకూడదు, 32 దాచాలి. పాత 20 మీద ఇంకో 12. అంటే నిజమైన పెంపు 26లో సగానికి కాస్త తక్కువ. సగం మాట మీ విషయంలో దాదాపు సరిపోయింది. (వడ్డీని లెక్కలోకి తీసుకోలేదు, ధరలు ఒకేసారి పెరిగాయనుకున్నాను. కచ్చితమైన లెక్క కాదు గానీ, ఎటు వెళ్లాలో తెలుసుకోవడానికి చాలు.)

ఇదే లెక్క ఇంకొకరికి వేస్తే వేరే జవాబు వస్తుంది. జీతమూ ఖర్చూ మీవే, కానీ దగ్గర మూడు నెలల ఖర్చు మాత్రమే ఉన్న మనిషి, నిజమైన పెంపులో ఐదో వంతు దాచినా వెనకబడడు. అదే మూడేళ్ల ఖర్చు కూడబెట్టుకున్న మనిషి మూడొంతులు దాకా దాచాల్సి వస్తుంది. తలకిందులుగా ఉందనిపిస్తుంది. ఎక్కువ ఉన్నవాళ్లు ఎక్కువ దాచడమేమిటని. కానీ వాళ్లు ఖర్చు ఒక్క రూపాయి పెంచితే, మూడేళ్లకు సరిపడా కూడబెట్టిందంతా ఆ రూపాయి మేరకు కుంచించుకుపోతుంది. దాచుకున్నది తక్కువైతే పోయేదీ తక్కువే. అలాగని మూడు నెలలే ఉన్నవాళ్లు ఐదో వంతుతో ఆగిపోవాలని కాదు. వాళ్లకు మూడు నెలలే ఉండటం వేరే సమస్య, ముందు అది పెంచుకోవాలి. అందుకే స్నేహితులు ఎంత శాతం దాచారన్నది మీకు పనికొచ్చే సమాచారం కాదు.

ఏడాది అని నేను పెట్టిన గడువు కూడా మార్చుకోవచ్చు. రెండేళ్లలో అందుకుంటే చాలనుకుంటే దాచాల్సిన వంతు ఇంకా తగ్గుతుంది. ఆ ఓపిక ఉందో లేదో మీ ఉద్యోగం ఎంత నిలకడైనదో చూసుకుని మీరే నిర్ణయించుకోవాలి.

ఇక ఇప్పటికే పెరిగిన ఖర్చు. ఇలాంటి సందర్భంలో చాలా ఇళ్లలో కోత ముందుగా బయట తినడం మీదే పడుతుంది. కళ్లకు కనిపించేది అదే కాబట్టి. మీ జాబితా మళ్లీ చూడండి. 28లో 18 రెండే రెండు నిర్ణయాలు, ఇల్లు, కారు. ఆ రెండూ ఒక్కసారి సంతకం పెట్టినవి, తర్వాత ప్రతి నెలా వాటంతటవే పోతున్నవి. సరదాల 5ను మొత్తం ఆపేసినా మీ పొదుపు 23 దగ్గర ఆగుతుంది, పైగా ఇంట్లో రోజూ గొడవ. నేనూ ఒకప్పుడు ఇలాగే జీతం పెరగగానే పెద్ద ఇంట్లో దిగి, అద్దె తగ్గించుకోలేక కాఫీలు లెక్కపెట్టాను. ఆ ఏడాది మిగిలింది చికాకు తప్ప డబ్బు కాదు.

ఆదాయంతో పాటు ఖర్చు ఇట్టే పైకి ఎక్కుతుంది గానీ కిందికి దిగడానికి మొరాయిస్తుందని జేమ్స్ డ్యూసెన్‌బెరీ అనే ఆర్థికవేత్త 1949లోనే చెప్పాడు. మన ఇళ్లలో కారణం కూడా తెలిసిందే. వదులుకుంటే నలుగురూ ఏమనుకుంటారో అన్నది ఒకటి, అలవాటైన సౌకర్యం సౌకర్యంలా కాక అవసరంలా అనిపించడం రెండోది. కాబట్టి ఎంత తగ్గించాలనే దానితో పాటు దేన్ని, ఎప్పుడు తగ్గించడం వీలవుతుందో కూడా చూడాలి. మీ ముందు మూడు దారులు కనిపిస్తున్నాయి.

మొదటిది, దేన్నీ కదపకుండా వచ్చే పెంపు మొత్తం దాచేయడం. ఇంట్లో ఎవరికీ నొప్పి తెలియదు, మీవారు వెంటనే ఒప్పుకుంటారు. కానీ ఫలితం చూడండి. ప్రమోషన్‌కు ముందు మీరు నాలుగు నెలలు పనిచేస్తే ఒక నెల ఖర్చు కూడేది, 80కి 20 కదా. ఇప్పుడు 112కి 18, ఆరు నెలలకు పైనే పట్టేస్తోంది. వచ్చేసారి జీతం 10 శాతం, ధరలు 5 శాతం పెరిగాయనుకుందాం. 13 ఎక్కువ వస్తుంది, అందులో ఐదారు ధరలకు పోతుంది. మిగతా 7 మొత్తం దాచినా పొదుపు 25 దగ్గరికి వస్తుంది, ఖర్చు 118 దగ్గరుంటుంది. అప్పటికీ ఒక నెల ఖర్చు కూడటానికి నాలుగున్నర నెలలకు పైనే పడుతుంది. ఒక పెంపు మొత్తం వదులుకున్నా పాత వేగం రాదన్నమాట. పైగా ఆ పెంపు వస్తుందన్న హామీ లేదు. ఉద్యోగం గట్టిది, ఇల్లు మారడం ఈ ఏడాది అసలు కుదరదు అంటే మాత్రం ఈ దారి ఎంచుకోవచ్చు.

రెండోది, అద్దె ఒప్పందం ముగిసేదాకా ఆగి, అప్పుడు ఒక మెట్టు దిగడం. పాత ఇంటికే వెళ్లిపోమని కాదు. పాత అద్దె మీద 11 కాక 4 ఎక్కువ ఉండే ఇల్లు చూసుకుంటే నెలకు 7 తిరిగి వస్తుంది. ఈలోగా ఫోన్ వాయిదా ఏదో ఒక నెలలో తీరుతుంది, ఆ 2 కూడా మీదే. తీరిన నెల నుంచే దాన్ని పొదుపులోకి పంపాలి. లేకపోతే ఇంకో ఫోన్ వచ్చి దాని చోట్లో కూర్చుంటుంది, ఇది ప్రతి ఇంట్లో జరిగేదే. సరదాల్లో 3 తగ్గించి 2 ఉంచుకోండి. మొత్తం 12 వెనక్కి వస్తుంది. ఖర్చు 100, పొదుపు 30. మనం అనుకున్న 32కు చాలా దగ్గర. మూడు నెలల పైచిలుకు పనిచేస్తే ఒక నెల ఖర్చు కూడుతుంది, అంటే మీ పాత వేగం కంటే కూడా ఎక్కువ. ఇంతా చేసి మీవారి మాట పోలేదు. మునుపటి కంటే మంచి ఇల్లు ఉంటుంది, కొత్త కారు ఉంటుంది.

ఇల్లు మారే ముందు ఒక చిన్న లెక్క వేయండి. సామాను తరలింపు, కొత్త ఇంటి ఏర్పాట్లు అన్నీ కలిపి 20 అయిందనుకుంటే, నెలకు 7 మిగులుతుంది కాబట్టి మూడు నెలల్లో తీరిపోతుంది, మారొచ్చు. ఒప్పందం మధ్యలో వదిలేస్తే జరిమానా కలిసి అది 70 అయ్యేట్టుంటే తీరడానికి పది నెలలు పడుతుంది. గడువులో ఇంకా నాలుగైదు నెలలే మిగిలి ఉంటే అలాంటప్పుడు ఆగడమే నయం.

మూడోది, రెండో దారికి తోడు కారు కూడా అమ్మేయడం. 7 వాయిదా పోయి, రాకపోకలకు 2 అవుతుందనుకుంటే పొదుపు 35కు చేరుతుంది. కాగితం మీద బాగుంటుంది. కానీ కొత్త కారు విలువ మొదటి ఏడాది వేగంగా పడిపోతుంది, లోన్ అసలు మాత్రం మొదట్లో నెమ్మదిగా తీరుతుంది. లోన్ ఇచ్చినవాళ్లను ఇవాళ మొత్తం కట్టేస్తే ఎంత కట్టాలో అడగండి, ముందుగా తీర్చినందుకు రుసుము ఉంటే అదీ కలిపి చెప్పమనండి. తర్వాత కారుకు ఎంత వస్తుందో ఇద్దరు ముగ్గురిని అడగండి. కట్టాల్సింది కారు ధర కంటే ఎక్కువైతే ఆ తేడా మీ పొదుపులోంచే పోతుంది. ఆ తేడా 60 ఉందనుకోండి, నెలకు మిగిలే 5తో అది పూడటానికి ఏడాది పడుతుంది. ఉద్యోగం ఊగిసలాటలో ఉంటే తప్ప దీని జోలికి వెళ్లమని నేను చెప్పను. కారు ఉంచుకుంటే మాత్రం, లోన్ తీరిన మరుసటి నెల నుంచి ఆ 7 పొదుపులోకి వెళ్లాలని ఇప్పుడే ఇద్దరూ అనుకుని ఎక్కడైనా రాసిపెట్టుకోండి.

అమ్మకు పెంచిన 3ను నేను ఏ దారిలోనూ ముట్టుకోలేదు. జీతం పెరిగితే కొన్ని ఖర్చులు పెరగాలి, అందుకే కదా సంపాదించేది. మీరు రాసినదాంట్లో 'పెంచాను' అని చెప్పిన ఒక్క ఖర్చు అదే. దాన్ని అలాగే ఉంచండి.

మీవారితో మాట్లాడేటప్పుడు "మనం ఎక్కువ ఖర్చుపెడుతున్నాం" అని మొదలుపెట్టకండి. అది ఆయనకు నింద లాగే వినిపిస్తుంది. 12 నెలలు పది నెలలకు ఎలా తగ్గిందో కాగితం మీద వేసి చూపించండి. ఆ తర్వాత ఏది ఉంచుకోవాలో ఆయన్నే ఎంచుకోమనండి, పెద్ద ఇల్లా, కొత్త కారా, బయట తిరగడమా. కష్టపడింది అనుభవించాలన్న ఆయన మాట నిలబడుతుంది. అన్నీ ఒకేసారి కాకుండా ఆయనకు ఇష్టమైనది నిలబడుతుంది.

వచ్చే పెంపు విషయంలో ఒక పని ఇప్పుడే చేసి ఉంచొచ్చు. రిచర్డ్ థేలర్, శ్లోమో బెనార్ట్జీ అనే ఇద్దరు ఆర్థికవేత్తలు 2004లో ఒక ప్రయోగం వివరాలు ప్రచురించారు. అమెరికాలో ఒక కంపెనీలో, ఇప్పుడే ఎక్కువ దాచమంటే కుదరదన్న ఉద్యోగులకు ఇంకో దారి చూపించారు. ఇక ముందు జీతం పెరిగిన ప్రతిసారీ పొదుపు కూడా కొంత పెరిగేలా ముందే సంతకం పెట్టమన్నారు. చేరినవాళ్ల పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి చేరింది. చేతికొచ్చే జీతం ఎప్పుడూ తగ్గినట్టు కనిపించలేదు కాబట్టి వాళ్లకు అది నష్టంలా అనిపించలేదు. మీ పెంపు ఇప్పటికే చేతికొచ్చి ఎనిమిది నెలలైంది, అందుకే ఇప్పుడు తీసుకునే ప్రతి 3, ప్రతి 7 పోగొట్టుకున్నట్టే ఉంటుంది. వచ్చేదానికి ఆ బాధ ఉండదు. పెంపు పడే నెల నుంచే, ధరలకు పోయేది పక్కన పెట్టి మిగిలిన దానిలో సగం, జీతం పడిన మర్నాడే వేరే ఖాతాలోకి దానంతటదే వెళ్లేలా బ్యాంకులో పెట్టించండి. మిగతా సగాన్ని మాత్రం మూడు నెలల పాటు ఏ సంతకం పెట్టకుండా ఉంచండి. ఆ మూడు నెలల్లో ఏది కావాలనిపించిందో అదే అసలు కావలసింది.

బోనస్, పాత బకాయిల లాంటివి వస్తే వాటికి ఈ సగం లెక్క అక్కర్లేదు. ఒక్కసారి వచ్చిన డబ్బుతో ఒక్కసారి అయిపోయే సరదా తీర్చుకుంటే మీ నెల ఖర్చు మారదు, దాచుకున్న నెలలూ కుంచించుకుపోవు. ఊరు తిరిగి రండి. ఆ డబ్బు చూపించి కొత్త వాయిదా మాత్రం మొదలుపెట్టకండి.

మీరు ఎంచుకున్న అంకె ఎక్కువైందో తక్కువైందో ఎలా తెలుస్తుందంటే, దాచిన డబ్బు రెండు నెలలు వరుసగా నెలాఖరుకు వెనక్కి తీయాల్సి వచ్చినా, కార్డు బిల్లు మొత్తం కట్టలేక కొంత మిగిల్చినా, మీరు ఎక్కువ పెట్టారని అర్థం. 30 కాకపోతే 26 పెట్టండి, 26 అయినా నిజంగా ఉంటే చాలు. నెలాఖరుకు ఖాతాలో ఇంకా మిగులుతూ ఉంటే పెంచండి. మూడు నెలలకోసారి ఉన్న డబ్బును నెల ఖర్చుతో భాగించి ఆ ఒక్క అంకె కాగితం మీద రాసుకోండి. ఇప్పుడు అది 9.9. అద్దె ఒప్పందం ముగిసి ఇల్లు మారిన నాటికి 11 దాటి ఉంటే మీరు సరైన దారిలో ఉన్నట్టే. దాటకపోతే ఏం జరిగిందో మళ్లీ రాయండి, ఈసారి అంకెలతో పాటు ఆ ఒప్పందంలో ఏముందో కూడా చెప్పండి.